సెలవులో ఉన్నప్పుడు వెళ్లే ఆటో రిప్లై: తేదీలు, ప్రత్యామ్నాయ చిరునామాతో ఎలా రాయాలి

మూడేళ్ల కిందట జూలైలో, బంగారుపాళ్యం దగ్గర మా నాన్న తోటలో తోతాపురి కాయ కోతలకని వారం రోజులు సెలవు పెట్టాను. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తాను. టీసీలు, బోనఫైడ్‌లు, మార్కుల మెమోలు అన్నీ నా టేబుల్ మీదుగానే పోతాయి. వెళ్లేముందు మెయిల్‌లో ఆటో రిప్లై పెట్టాను. "నేను సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చిన వెంటనే జవాబిస్తాను." అంతే, రెండు వాక్యాలు.

నేను వెళ్లిన మర్నాడే చిత్తూరు నుంచి మా పాత విద్యార్థిని ఒకామె పీజీ అడ్మిషన్ కోసం టీసీ కావాలని మెయిల్ పెట్టింది. వెంటనే నా ఆటో రిప్లై వెళ్లింది. ఒకట్రెండు రోజుల్లో వచ్చేస్తానేమో అనుకుని ఆమె నాలుగు రోజులు ఆగింది. ఐదో రోజు వాళ్ల నాన్నతో కలిసి బస్సెక్కి డెబ్బై కిలోమీటర్లు వచ్చింది. నా కుర్చీ ఖాళీ. టీసీ రాసివ్వగలిగిన ఇంకొకాయన పక్క టేబుల్లోనే పనిచేస్తాడు, కానీ ఆ పూట బ్యాంకు పని మీద బయటికి వెళ్లాడు. వాళ్లు తిరిగి వెళ్లిపోయి మర్నాడు మళ్లీ వచ్చారు. గడువు ముగియడానికి ముందురోజు సాయంత్రం టీసీ చేతికొచ్చింది. నేను వచ్చాక వాళ్ల నాన్న ఫోన్‌లో ఒక్కటే మాట అన్నాడు: "ఎప్పుడొస్తారో, మీరు లేకపోతే ఎవర్ని అడగాలో ఒక ముక్క రాసుంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు గదా మేడమ్."

ఆ ముక్క ఎలా రాయాలో, మెయిల్‌లో ఎలా పెట్టాలో ఇక్కడ చెప్తాను. మా ఆఫీసులో వాడేది జీమెయిల్ కాబట్టి దాన్నే వివరంగా తీసుకుంటాను. నేను పెట్టబోయే సెలవునే ఉదాహరణగా వాడతాను: 2026 జూలై 2 గురువారం నుంచి జూలై 8 బుధవారం వరకు.

ముందు తేదీలు తేల్చుకోండి

మెయిల్ పంపినవాళ్లు మీ ఆటో రిప్లై చదివి తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీకోసం ఆగాలా, ఇంకొకరిని అడగాలా? దానికి తేదీ కావాలి. కానీ ఏ తేదీ? ఇక్కడే చాలామంది తడబడతారు. సెలవు ముగిసే రోజు, ఆఫీసుకు వచ్చే రోజు, జవాబు అందే రోజు మూడూ వేరు వేరు.

"జూలై 8 వరకు సెలవు" అని మాత్రమే రాస్తే కొందరు 8న వస్తారనుకుంటారు, కొందరు 9న అనుకుంటారు. అందుకే రెండూ రాయాలి: 8 బుధవారం వరకు సెలవు, 9 గురువారం ఆఫీసుకు వస్తాను. వారం పేరు తప్పకుండా రాయండి. తేదీ రాసేటప్పుడు పొరపాటున ఒక అంకె మారినా, వారం పేరు దానితో కలవకపోవడం చూసి చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. మీకూ తప్పు అక్కడే దొరుకుతుంది.

మూడోది, జవాబు అందే రోజు. వారం రోజుల మెయిల్ ఒక్కపూటలో అయిపోదు. జూలై నెలలో మా టేబుల్‌కి రోజూ వచ్చేవి వస్తూనే ఉంటాయి, పాతవి వాటి వెనక నిలబడతాయి. క్యాలెండర్ తీసి చూడండి. 9 గురువారం, 10 శుక్రవారం. ఆ తర్వాత 11 రెండో శనివారం, మా కాలేజీకి సెలవు. 12 ఆదివారం. అంటే నా చేతిలో ఉన్నవి రెండు పనిదినాలే. వాటిలో అయిపోతుందని మాటిస్తే టెన్షన్ నాకే. కాబట్టి "జూలై 13 సోమవారం సాయంత్రం 5 గంటల లోపు జవాబిస్తాను" అని రాస్తాను. 10నే జవాబిచ్చేస్తే ఎవరికీ బాధ లేదు. 10 అని రాసి 13న ఇస్తే, ఆ మూడు రోజులూ అవతల ఎవరో ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటారు.

తేదీని అంకెలతో మాత్రం రాయకండి. మా కాలేజీలో చదివి ఇప్పుడు అమెరికాలో ఉన్నవాళ్లు పాత మెమోల కోసం, చదివినట్టు ధ్రువీకరణ కోసం రాస్తుంటారు. మనం 09/07 అని రాస్తే జూలై 9 అనుకుంటాం. అక్కడ నెల ముందు రాస్తారు కాబట్టి వాళ్ల ఆఫీసుల్లో దాన్ని సెప్టెంబర్ 7 అని చదువుతారు. రెండూ నిజమైన తేదీలే, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఈ ఇబ్బంది ఉండదు. దూరదేశాల నుంచి మెయిల్స్ వచ్చే పనైతే గంట పక్కన "భారత కాలమానం" అని కూడా పెట్టండి.

సెలవు పెరిగే అవకాశం ఉంటే? అప్పుడు కూడా ఏదో ఒక తేదీ రాయండి, అది దాటితే మెసేజ్ మారుస్తానని మీకు మీరు గుర్తు పెట్టుకోండి. "త్వరలో వస్తాను" అనే మాట చదివేవాళ్లకు ఏమీ చెప్పదు.

మీ బదులు చూసేవాళ్లని ముందే ఒప్పించుకోండి

ప్రత్యామ్నాయంగా ఒకరి పేరు ఇచ్చేముందు వాళ్లను అడగాలి. ఇది మర్యాద కోసమే కాదు, వాళ్ల సెలవు ఏ రోజుల్లో ఉందో అడిగితేనే తెలుస్తుంది. జూలై మొదటి వారం సంగతి పక్క టేబుల్ అన్నను ముందే అడిగితే, "ఆరో తేదీ సోమవారం నేను రాను మేడమ్, మా పాపని హాస్టల్లో దింపాలి" అన్నాడు. ఆయన ఒక్కడి పేరే ఇచ్చి ఉంటే, ఆ సోమవారం రాసిన ప్రతి ఒక్కరికీ రెండు చోట్లా తలుపులు మూసినట్టయ్యేది.

అందుకే మనిషి సొంత మెయిల్ కంటే ఆఫీసు ఉమ్మడి మెయిల్ ఇవ్వడం మేలు. దాన్ని కనీసం ఇద్దరు చూస్తుండాలి. ఒకరు లేని రోజు ఇంకొకరు తెరుస్తారు. ఉదాహరణకు `office@example.com` అనుకుందాం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఈ ఉమ్మడి మెయిల్ నిజమైన మెయిల్ ఖాతా కాకుండా, వచ్చిన మెయిల్‌ను సభ్యులందరికీ పంచే గూగుల్ గ్రూప్ అయివుంటే, బయటివాళ్లు దానికి రాయడానికి అనుమతి లేకపోవచ్చు. లోపల ఉన్న మనం రాస్తే చక్కగా చేరుతుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. విద్యార్థి తన సొంత జీమెయిల్ నుంచి రాస్తే మాత్రం మెయిల్ తిప్పికొడుతుంది. గ్రూప్ సెట్టింగ్స్‌లో `Who can post` అనే చోట `Anyone on the web` అని ఉందో లేదో, మీ కాలేజీ మెయిల్ వ్యవహారం చూసే అడ్మిన్‌ని అడిగి చూపించుకోండి. అది మార్చే అధికారం సాధారణంగా మన చేతిలో ఉండదు, అందుకే సెలవుకు రెండు మూడు రోజుల ముందే అడగాలి. అన్నిటికంటే సులువైన పరీక్ష మీ సొంత మెయిల్ నుంచి ఆ చిరునామాకు ఒక ముక్క రాసి, అవతల ఎవరికైనా చేరిందా అని అడగడం.

బదులు చూసేవాళ్లకు చిరునామా మాత్రమే అప్పగిస్తే సరిపోదు, పని కూడా అప్పగించాలి. నేను వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసిస్తాను: సగంలో ఉన్న టీసీలు ఎవరివి, నో డ్యూస్ సంతకాలు ఎవరెవరివి ఇంకా రావాలి, ప్రిన్సిపాల్ సంతకానికి ఏ ఫైలు వెళ్లింది, ఆ వారంలో గడువు ఉన్నది ఎవరికి. ఆటో రిప్లై చదివి ఎవరైనా ఆఫీసుకు రాస్తే, "అది మేడమ్ చూస్తారు, ఆమె వచ్చాక రండి" అనే జవాబు రాకూడదు. అలా వస్తే ఆటో రిప్లైలో రాసిన ప్రత్యామ్నాయం ఉత్తుత్తిదే.

అలాగే మీ బదులు చూసేవాళ్లు చేయలేని పని ఏదైనా ఉంటే అదీ చెప్పండి. మాది యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీ. ట్రాన్స్‌క్రిప్టులు మేము ఇవ్వం, యూనివర్సిటీ పరీక్షల విభాగం ఇస్తుంది. అయినా అందరూ ముందు మాకే రాస్తారు. ఆ ఒక్క వాక్యం ఆటో రిప్లైలో పెడితే, వాళ్లు వారం ఆగి, నా దగ్గర నుంచి "ఇది మా పరిధి కాదు" అనే జవాబు తీసుకునే అవసరం ఉండదు.

ఇప్పుడు రాయండి

నేను ఈసారి పెట్టే మెసేజ్ ఇది. ముందు మొత్తం చదవండి, తర్వాత ఏ మాట ఎందుకో చెప్తాను.

> సబ్జెక్ట్: జూలై 8 వరకు సెలవు. సర్టిఫికెట్ల కోసం ఆఫీసు మెయిల్‌కు రాయండి
>
> నమస్కారం.
>
> మీ మెయిల్ అందింది. నేను 2026 జూలై 2 గురువారం నుంచి జూలై 8 బుధవారం వరకు సెలవులో ఉంటాను. ఆ రోజుల్లో మెయిల్ చూడను. జూలై 9 గురువారం ఆఫీసుకు వస్తాను. మీ మెయిల్‌కు జూలై 13 సోమవారం సాయంత్రం 5 గంటల (భారత కాలమానం) లోపు జవాబిస్తాను.
>
> అంతకంటే ముందే టీసీ, బోనఫైడ్ లేదా మార్కుల మెమో కావాలంటే office@example.com కు రాయండి. హాల్‌టికెట్ నంబరు, కోర్సు, చదివిన సంవత్సరాలు, ఏ తేదీలోపు కావాలో అందులో తెలపండి. నాకు పంపిన మెయిల్ ఆ చిరునామాకు దానంతట అదే వెళ్లదు, దయచేసి మీరే మళ్లీ పంపండి.
>
> ట్రాన్స్‌క్రిప్టుల కోసం నేరుగా యూనివర్సిటీ పరీక్షల విభాగాన్ని సంప్రదించండి.
>
> ధన్యవాదాలు.
> సీనియర్ అసిస్టెంట్, సర్టిఫికెట్ల విభాగం

కింద మీ పేరు, కాలేజీ పేరు చేర్చుకోండి. మీకు వచ్చే మెయిల్స్ ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటే ఇదే వరుసను ఇంగ్లీషులో రాయండి. రెండు రకాలూ వస్తే తెలుగు పైన, ఇంగ్లీషు కింద పెట్టండి, కానీ తేదీలు రెండు చోట్లా ఒకటేనా అని చూసుకోండి. ఒకదాంట్లో మార్చి రెండోదాంట్లో మర్చిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

"మెయిల్ చూడను" అనే మాట కటువుగా ఉందని మా సూపరింటెండెంట్ గారు మొదట అన్నారు. "వీలు దొరికినప్పుడు చూస్తాను అని రాయమ్మా, బాగుంటుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. వీలైనప్పుడు చూస్తాను అంటే అవతలివాళ్లు ఆ వీలు కోసం ఆగుతారు. ఆఫీసుకు రాస్తే అరగంటలో అయ్యే పని నా మెయిల్‌లో పడి ఉంటుంది. తోటలో నాకు సిగ్నల్ సరిగా అందదు, అందినా కాటా దగ్గర నిలబడి ఎవరి హాల్‌టికెట్ నంబరూ వెతకలేను. నిజంగా చూడనప్పుడు చూడను అని చెప్పడమే వాళ్లకు ఉపకారం. మర్యాద పక్క వాక్యంలో ఉంది: ఎవరికి రాయాలో చెప్పాం, ఎప్పుడు జవాబిస్తామో చెప్పాం.

"మీరే మళ్లీ పంపండి" అనే వాక్యం చిన్నదే కానీ చాలా పని చేస్తుంది. అది లేకపోతే సగం మంది, తమ మెయిల్ ఎలాగూ ఆఫీసుకు చేరి ఉంటుందని అనుకుని ఊరుకుంటారు. ఒకవేళ మీరు మెయిల్స్ ఆఫీసుకు ఫార్వర్డ్ అయ్యేలా పెట్టి ఉంటే, ఆ సంగతే రాయండి. లేదంటే ఒకే అభ్యర్థన రెండు దారుల్లో వచ్చి, ఇద్దరు కూర్చుని ఒకే టీసీ సిద్ధం చేస్తారు.

హాల్‌టికెట్ నంబరు, కోర్సు, గడువు అడగడం కూడా ఊరికే కాదు. అవి లేకుండా మెయిల్ వస్తే బదులు చూసేవాళ్లు తిరిగి అడగాలి, విద్యార్థి మళ్లీ రాయాలి. ఆ రానూపోనూ లోనే ఒక రోజు పోతుంది. మీ పని వేరే అయితే మీకు కావలసిన వివరాలు మీరు పెట్టుకోండి: బిల్లు నంబరు, ఆర్డర్ నంబరు, ఫైలు నంబరు. మూడు నాలుగు మించకుండా చూడండి.

ఎందుకు సెలవు పెట్టానో ఎక్కడా రాయలేదు, గమనించండి. మామిడి కోతలు అని రాసినా తప్పు లేదు అనిపిస్తుంది, కానీ ఆటో రిప్లై మనకు తెలిసినవాళ్లకే వెళ్లదు. ఎవరు రాసినా వెళ్తుంది. ఇంట్లో వారం రోజులు ఎవరూ లేరని, ఊరు దాటి వెళ్లామని తెలియనివాళ్లకు చెప్పనక్కర్లేదు. అదే కారణంతో సహోద్యోగి సొంత ఫోన్ నంబరు కూడా బయటికి వెళ్లే మెసేజ్‌లో పెట్టకండి. ఫోన్ తప్పనిసరి అనుకుంటే ఆఫీసు ల్యాండ్‌లైన్ ఇచ్చి, పక్కనే పనివేళలు రాయండి. ఫీజులు, చెల్లింపులు చూసేవాళ్లైతే ఇంకో జాగ్రత్త ఉంది. మీరు ఏ తేదీ వరకు లేరో తెలుసుకుని, మీ పేరుతో అకౌంట్స్ వాళ్లకు "మా బ్యాంకు ఖాతా మారింది, ఇందులో వేయండి" అని రాసే మోసాలు ఉన్నాయి. సెలవులో ఉండగా నా పేరుతో అలాంటి మెయిల్ వస్తే నాకు ఫోన్ చేయకుండా ఏమీ చేయకండి అని అకౌంట్స్‌లో ముందే చెప్పి వెళ్లండి.

తీరు గురించి ఒక మాట. "మీ అమూల్యమైన సందేశానికి హృదయపూర్వక కృతజ్ఞతలు, కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము" వంటి వాక్యాలతో మొదలుపెడితే, చదివేవాళ్లు తేదీకి చేరేలోపే ఫోన్ తెర నిండిపోతుంది. సెలవు మీ హక్కు, దానికి క్షమాపణ అక్కర్లేదు. నమస్కారం, రాయండి, తెలపండి, ధన్యవాదాలు, ఇవి చాలు. "ఫోన్ చేయవద్దు", "మళ్లీ మళ్లీ మెయిల్ పెట్టవద్దు" వంటివి వద్దు. చేయకూడనిది చెప్పే బదులు ఎక్కడికి వెళ్లాలో చెప్పండి.

మెయిల్‌లో పెట్టడం

కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి పైన కుడివైపున్న గేర్ గుర్తు నొక్కి `See all settings` లోకి వెళ్లండి. మొదటి పేజీ `General`. దాన్ని చివరిదాకా కిందికి జరిపితే `Vacation responder` కనిపిస్తుంది. `Vacation responder on` ఎంచుకుని, `First day`, `Last day` లలో తేదీలు ఇచ్చి, సబ్జెక్టు, మెసేజ్ అతికించి, అడుగున `Save Changes` నొక్కాలి. ఆ చివరి బటన్ నొక్కకుండా పేజీ మూసేసి, పెట్టానులే అనుకుని బస్సెక్కినవాళ్లు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు.

`Last day` పక్కన ఉన్న గడిలో టిక్ పెడితేనే చివరి తేదీ పనిచేస్తుంది. పెట్టకపోతే మీరు ఆపేదాకా అది వెళ్తూనే ఉంటుంది. ఆగస్టులో కూడా "జూలై 8 వరకు సెలవు" అని మెయిల్స్ వెళ్లడానికి కారణం చాలాసార్లు ఇదే.

జీమెయిల్ మొదటి రోజు అర్ధరాత్రి 12 గంటలకు మొదలుపెట్టి, చివరి రోజు రాత్రి 11:59కి ఆపుతుంది. గంటలు ఇచ్చే వీలు లేదు. నేను జూలై 1 సాయంత్రం 5కి ఆఫీసు దిగేటప్పుడే `First day` జూలై 1 అని పెట్టి సేవ్ చేస్తాను. అప్పుడు ఆ సాయంత్రం నుంచే మొదలవుతుంది. `Last day` మాత్రం 8 కాదు, 9 అని పెడతాను. 8 సాయంత్రం ఆరింటికి డాలస్‌లో ఉన్న మా పాత విద్యార్థి మెయిల్ రాస్తే, ఇక్కడ 9 తెల్లవారుజామున నాలుగున్నర. 8తోనే ఆపేస్తే అతనికి ఏ జవాబూ వెళ్లదు, నేనేమో ఆ రోజంతా పాత మెయిల్స్‌తో ఉంటాను. 9న వెళ్లినా మెసేజ్‌లోని మాటలు తప్పు కావు: ఆ రోజు వస్తానని, 13 లోపు జవాబిస్తానని అందులోనే ఉంది.

ఆ కిందే `Only send a response to people in my Contacts` అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయండి. నాకు రాసే విద్యార్థుల్లో ఒక్కరు కూడా నా కాంటాక్టుల్లో ఉండరు. కాలేజీ ఖాతా అయితే మీ సంస్థలోని వాళ్లకు మాత్రమే పంపేలా ఇంకో గడి ఉంటుంది, దాన్నీ టిక్ చేయకండి. బయటివాళ్ల మెయిల్స్ రాని పని అయితే ఆ రెండూ ఉపయోగపడతాయి. అవుట్‌లుక్ వాడేవాళ్లు `Automatic Replies` అనే చోట ఇవే వివరాలు పెట్టాలి. అక్కడ గంటలు కూడా ఇవ్వొచ్చు. సంస్థ లోపలివాళ్లకు ఒక మెసేజ్, బయటివాళ్లకు ఇంకొకటి విడివిడిగా రాయొచ్చు కాబట్టి, సహోద్యోగి ఫోన్ నంబరు లోపలి మెసేజ్‌లో పెట్టడానికి అది బాగా పనికొస్తుంది. బయటివాళ్ల మెసేజ్ ఖాళీగా వదిలేశారేమో చూసుకోండి.

ఒకే మనిషి ఎన్నిసార్లు రాసినా జీమెయిల్ ప్రతిసారీ ఆటో రిప్లై పంపదు. మొదటిసారి పంపుతుంది. నాలుగు రోజులు దాటాక అదే మనిషి మళ్లీ రాస్తే మళ్లీ పంపుతుంది. కాబట్టి జూలై 2న రాసిన విద్యార్థి 4న ఇంకో మెయిల్ పెడితే ఏ జవాబూ రాదు. ఇది చెడిపోవడం కాదు, పద్ధతే అంత. అందుకే ఆ ఒక్క మెసేజ్‌లోనే అన్నీ ఉండాలి. మధ్యలో మీరు మెసేజ్ మారిస్తే మాత్రం లెక్క మళ్లీ మొదలవుతుంది, పాతవాళ్లు రాసినా కొత్త మెసేజ్ అందుతుంది. సెలవు పొడిగించాల్సి వస్తే ఇది మీకు మేలే చేస్తుంది.

స్పామ్‌లో పడిన మెయిల్‌కు అసలు ఆటో రిప్లై వెళ్లదు. కొత్త చిరునామా నుంచి రాసి, పెద్ద ఫోటోలు జతచేసిన విద్యార్థుల మెయిల్స్ అలా పడటం నేను చూశాను. దానికి మెయిల్‌లో మందు లేదు. మెసేజ్‌లో ఉన్న మాటలనే ఒక కాగితం మీద ప్రింటు తీసి కౌంటర్ అద్దానికి అతికిస్తాను. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి నేరుగా వచ్చేవాళ్లకు అది కనిపిస్తుంది.

పరీక్ష చేసి చూడండి

సేవ్ చేశాక మీ సొంత మెయిల్ నుంచి, ఆటో రిప్లై పెట్టిన ఖాతాకు ఒక మెయిల్ పెట్టండి. వచ్చిన జవాబును కంప్యూటర్లో కాదు, ఫోన్‌లో చదవండి, ఎందుకంటే విద్యార్థులు చదివేది ఫోన్‌లోనే. తెర జరపకుండానే సెలవు తేదీ కనిపిస్తోందా? ఆఫీసు చిరునామా మీద వేలు పెడితే మెయిల్ రాసే పేజీ తెరుచుకుంటోందా? తెరుచుకుంటే అక్కడినుంచే ఒక పరీక్ష మెయిల్ ఆఫీసుకు పంపండి. చిరునామాలో ఒక అక్షరం తప్పినా, గ్రూప్ బయటివాళ్లను రానివ్వకపోయినా ఇక్కడ బయటపడుతుంది. పక్క టేబుల్ అన్నను "చేరిందా అన్నా?" అని అడిగి, చేరింది అన్నాకే కంప్యూటర్ ఆపండి.

తిరిగి వచ్చాక

ఆటో రిప్లై నడుస్తున్నంత సేపూ జీమెయిల్ తెర పైభాగంలో ఒక పట్టీ కనిపిస్తుంది, అందులో `End now` అని ఉంటుంది. అనుకున్నదానికంటే ముందే వస్తే దాన్ని నొక్కితే చాలు. నేను 9 సాయంత్రం పని ముగించేటప్పుడు ఆ పట్టీ ఉందో లేదో చూస్తాను. మర్నాడు ఉదయం ఇంకోసారి చూస్తాను, అప్పటికి పోయి ఉండాలి.

మొదటి రోజు పాత మెయిల్స్‌కు పైనుంచి జవాబులు రాయడం మొదలుపెట్టకండి. ముందు ఆఫీసు ఉమ్మడి మెయిల్ తెరిచి, ఎవరెవరి పని అయిపోయిందో చూడండి. వాళ్లకు మీరు మళ్లీ "మీ వివరాలు పంపండి" అని రాస్తే, టీసీ చేతిలో ఉన్న విద్యార్థి కంగారు పడతాడు. ఆ తర్వాత స్పామ్ చూడండి. జీమెయిల్ స్పామ్‌ను ముప్పై రోజులకు తీసేస్తుంది, వారం సెలవైతే అన్నీ ఇంకా అక్కడే ఉంటాయి. ఆటో రిప్లై కూడా అందనివాళ్లు వాళ్లే కాబట్టి మొదటి జవాబులు వాళ్లకే రాయండి. మిగిలినవాటిని గడువు దగ్గరపడిన వరుసలో తీసుకుంటే, 13 సోమవారం ఐదు గంటలకు అన్నీ అయిపోతాయి. ఏదైనా ఒకటి అవ్వకపోతే, ఆ మనిషికి ఐదులోపే కొత్త తేదీ రాసి పంపండి.